రెండు ఫేజులు భూమికి తగిలినప్పుడు: మూడు నెట్‌వర్క్‌లు ప్యారలల్ ఎందుకవుతాయి, కరెంట్లు ఎందుకు తేడాగా వస్తాయి

ప్రశ్న: "సింగిల్ లైన్ టు గ్రౌండ్ ఫాల్ట్‌కి సీక్వెన్స్ నెట్‌వర్క్‌లు సిరీస్‌లో కలపమంటారు, డబుల్ లైన్ టు గ్రౌండ్‌కేమో ప్యారలల్‌లో అంటారు. ఫార్ములా బట్టీ పట్టాను గానీ ఎందుకో అర్థం కాలేదు. ఇంకో డౌట్ కూడా ఉంది సార్. లెక్క చేస్తే ఫాల్ట్ అయిన రెండు ఫేజుల్లో కరెంట్ సమానంగా వస్తోంది. మా సబ్‌స్టేషన్‌లో రిలే రికార్డు చూస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంది. లెక్క తప్పా, సీటీ తప్పా?"

సమాధానం:

చాలావరకు రెండూ తప్పు కావు. మీ లెక్కలో ఒక చిన్న రెసిస్టెన్స్ లేదు, అంతే. అది ఎక్కడ చేరుతుందో తెలియాలంటే ముందు ప్యారలల్ సంగతి తేలాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఫార్ములా పక్కన పెట్టి టవర్‌ను కళ్ల ముందు ఊహించుకోండి. పిడుగు పడింది. b, c ఫేజుల ఇన్సులేటర్ స్ట్రింగ్‌లు రెండూ ఫ్లాష్‌ఓవర్ అయ్యాయి. ఆ రెండు కండక్టర్లూ ఇప్పుడు ఆర్క్ ద్వారా క్రాస్‌ఆర్మ్‌కు, అక్కడి నుంచి టవర్ కాళ్ల ద్వారా భూమికి తగిలి ఉన్నాయి. a ఫేజుకు ఏమీ కాలేదు. మన దగ్గర ఆర్, వై, బి అంటాం కదా, a అంటే ఆర్, b అంటే వై, c అంటే బి అనుకోండి. టవర్ నుంచి భూమికి రెసిస్టెన్స్ లేదని ప్రస్తుతానికి అనుకుందాం.

ఆ చోట మనకు కచ్చితంగా తెలిసినవి మూడే. a ఫేజు నుంచి ఫాల్ట్‌లోకి కరెంట్ ఏమీ పోవడం లేదు. b వోల్టేజ్ సున్నా. c వోల్టేజ్ సున్నా. ఇక్కడ Ia అంటే లైన్‌లో పారే లోడ్ కరెంట్ అని చాలామంది పొరబడతారు. అది ఫాల్ట్ జరిగిన చోట కండక్టర్‌ను వదిలి బయటికి పోయే కరెంట్ మాత్రమే.

ఇప్పుడు వోల్టేజీలను సీక్వెన్స్‌లుగా విడగొట్టండి. కింద గుణకంగా కనబడే a ఫేజు పేరు కాదు, 120 డిగ్రీలు తిప్పే ఆపరేటర్:

```
V0 = (Va + Vb + Vc)/3
V1 = (Va + a·Vb + a²·Vc)/3
V2 = (Va + a²·Vb + a·Vc)/3
```

Vb, Vc సున్నా అయ్యేసరికి మూడు వరుసల్లోనూ మిగిలింది Va/3 ఒక్కటే. అంటే V0 = V1 = V2. ఇక కరెంట్ల వైపు చూస్తే Ia = I0 + I1 + I2, అది సున్నా.

ఈ రెండు వాక్యాలనూ సర్క్యూట్ భాషలో చదవండి. మూడు పెట్టెలు ఉన్నాయి, ఒక్కో దానికి రెండేసి టెర్మినళ్లు. మూడింటి టెర్మినళ్ల మధ్యా ఒకే వోల్టేజ్ ఉండాలి, మూడింటి నుంచి వచ్చే కరెంట్లు ఒక చోట కలిసి సున్నా కావాలి. అలా జరగాలంటే పై టెర్మినళ్లన్నీ ఒక ముడి, కింది టెర్మినళ్లన్నీ ఒక ముడి వేయాలి. దాన్నే మనం ప్యారలల్ అంటున్నాం. ఎవరో నియమం పెట్టి కలపమనలేదు. ఫాల్ట్ దగ్గరి షరతులను సర్క్యూట్‌గా గీస్తే వచ్చే బొమ్మే అది.

సింగిల్ లైన్ ఫాల్ట్‌లో ఈ షరతులు తలకిందులవుతాయి. అక్కడ Ib, Ic సున్నా, కాబట్టి మూడు సీక్వెన్స్ కరెంట్లూ సమానం. Va సున్నా, కాబట్టి మూడు వోల్టేజీల మొత్తం సున్నా. ఒకే కరెంట్ మూడింటి గుండా పోయి వోల్టేజీలు కూడి సున్నా కావాలంటే సిరీస్ తప్ప దారి లేదు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన ఒక్కసారి రాసుకుంటే ఇక బట్టీ పట్టే పని ఉండదు.

ఇందులో a ఫేజునే రిఫరెన్స్‌గా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. బాగున్న ఫేజు రిఫరెన్స్ అయితేనే సమీకరణాలు ఇంత శుభ్రంగా వస్తాయి. మీ ఫాల్ట్ a, b ఫేజుల మీద ఉంటే c ని రిఫరెన్స్ చేసుకుని లెక్క చేయండి, చివర్లో పేర్లు మార్చుకోండి.

సరే, లెక్కలోకి వద్దాం. ఒక 132 కేవీ లైన్ తీసుకుంటాను. పర్ యూనిట్ వాడను, ఓమ్‌లలోనే చేస్తాను. ఒకే వోల్టేజ్ లెవెల్ ఉన్నప్పుడు ఓమ్‌లు చేతికి తగిలినట్టు ఉంటాయి. సబ్‌స్టేషన్ బస్ వెనక సోర్స్ పాజిటివ్ సీక్వెన్స్ రియాక్టెన్స్ 14 ఓమ్‌లు, నెగటివ్ కూడా అంతే, జీరో సీక్వెన్స్ 10 ఓమ్‌లు. లైన్ కిలోమీటర్‌కు పాజిటివ్ 0.4 ఓమ్, జీరో 1.2 ఓమ్. ఫాల్ట్ 30 కిలోమీటర్ల దూరంలో. అవతలి చివర బ్రేకర్ తెరిచి ఉంది, కాబట్టి కరెంట్ ఒక్క వైపు నుంచే వస్తుంది, లోడ్ లేదు. లైన్ రెసిస్టెన్స్‌ను కూడా ప్రస్తుతానికి వదిలేస్తున్నాను.

ఫాల్ట్ దగ్గర నుంచి వెనక్కి చూస్తే Z1 = 14 + 12 = 26, Z2 కూడా 26, Z0 = 10 + 36 = 46 ఓమ్‌లు, అన్నీ j తో. ఫేజు వోల్టేజ్ 132/√3 = 76.21 కేవీ. చాలామంది ఇక్కడే 132 వేసేస్తారు, జవాబు 1.73 రెట్లు పెరిగిపోతుంది.

సోర్స్ పాజిటివ్ నెట్‌వర్క్‌లో మాత్రమే ఉంది, జనరేటర్లు తయారుచేసేది బ్యాలెన్స్‌డ్ వోల్టేజే కాబట్టి. నెగటివ్, జీరో రెండూ ఒట్టి ఇంపెడెన్స్‌లు. అందువల్ల పాజిటివ్ నుంచి బయల్దేరిన కరెంట్ ముడి దగ్గరికి వచ్చి, పెద్ద కాలువ రెండు పిల్లకాలువలుగా చీలినట్టు చీలుతుంది. ఏ దారి సులువో అటు ఎక్కువ పోతుంది.

```
Z2 ∥ Z0 = 26×46/72 = 16.61
I1 = 76210 / (26 + 16.61) = 1788.5 A   → -j1788.5
I2 = +j1788.5 × 46/72 = +j1142.6
I0 = +j1788.5 × 26/72 = +j645.9
```

I2, I0 ల గుర్తు I1 కి వ్యతిరేకంగా ఉండటం గమనించండి. ముడిలోకి ఒకటి వస్తోంది, మిగతా రెండూ బయటికి పోతున్నాయి. ఈ మైనస్‌ను మర్చిపోయి మూడింటినీ ఒకే గుర్తుతో వేసేవాళ్లను చాలామందిని చూశాను. మూడూ కలిపితే సున్నా రావాలి, రాకపోతే ముందుకు వెళ్లకండి. ఇక్కడ 1142.6 + 645.9 = 1788.5, సరిపోయింది. ఇంకో తనిఖీ వోల్టేజ్‌తో చేయవచ్చు. V1 = 76.21 − 1.7885×26 = 29.71 కేవీ. V2 కి 1.1426×26, అదీ 29.71. V0 కి 0.6459×46, అదీ 29.71. మూడు సమానం, మన షరతు నిలిచింది. వాటి మొత్తం 89.1 కేవీ, అదే బాగున్న a ఫేజు వోల్టేజ్. మామూలుగా 76.2 ఉండాల్సింది 17 శాతం పెరిగింది. Z0 పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది, భూమి దారే లేకపోతే ఒకటిన్నర రెట్ల దాకా పోతుంది. లైట్నింగ్ అరెస్టర్ రేటింగ్ ఎంచుకునేవాళ్లకు ఈ సంఖ్య కావాలి.

ఫేజు కరెంట్లు:

```
Ib = I0 + a²·I1 + a·I2 = -2538.5 + j968.8
Ic = I0 + a·I1 + a²·I2 = +2538.5 + j968.8
```

రెండింటి పరిమాణం 2717 ఆంపియర్లు. భూమిలోకి పోయేది Ib + Ic, అంటే 3I0 = 1938 ఆంపియర్లు. మీకు సమానంగా వచ్చిన లెక్క ఇదే.

ఈ రెండు వరుసల దగ్గర కొంచెం ఆగుదాం. ఆ 2538.5 అన్న సంఖ్య ఊరికే రాలేదు. ఇదే చోట భూమి తగలకుండా b, c మాత్రమే ఒకదానికొకటి తగిలి ఉంటే వచ్చే లైన్ టు లైన్ ఫాల్ట్ కరెంట్ √3×76210/52, అంటే సరిగ్గా 2538.5. ఇక 968.8 అన్నది భూమి కరెంట్‌లో సగం. అంటే డబుల్ లైన్ టు గ్రౌండ్ ఫాల్ట్‌లో రెండు కరెంట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. b నుంచి c కి తిరిగే లూప్ కరెంట్ ఒకటి, దానికి భూమి ఉందో లేదో పట్టదు. రెండోది భూమిలోకి పోయే కరెంట్, దాన్ని b, c చెరిసగం మోస్తాయి.

```
Ib = -IL + 3·I0/2
Ic = +IL + 3·I0/2
IL = √3·V/(2·|Z1|)
I0 = -V/(Z1 + 2·Z0)
```

Z1, Z2 సమానమైతే ఇది కచ్చితంగా నిజం. పైన రాసిన రూపంలో IL రియల్ సంఖ్యగా రావడానికి Z1 పూర్తిగా రియాక్టెన్స్ కావడం కారణం, రెసిస్టెన్స్ కలిస్తే ఆ మేరకు యాంగిల్ జరుగుతుంది. జనరేటర్ టెర్మినళ్ల దగ్గర Z2 కాస్త తేడాగా ఉంటుంది, దూరంగా ఉన్న లైన్ల మీద ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి సీక్వెన్స్ మార్పిడి చేసి, ఆ తర్వాతే ఈ రూపాన్ని గమనించాను. గమనించాక రిలే రికార్డులు చదవడం పూర్తిగా మారిపోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ రెండో డౌట్. ఇలాంటిదే ఒకసారి మా దగ్గర వచ్చింది. గాలివాన రాత్రి ఒక 132 కేవీ లైన్ ట్రిప్ అయింది. అవతలి చివర బ్రేకర్ తెరిచి ఉంచి, ఇటు నుంచి టెస్ట్ చార్జ్ చేస్తే వెంటనే మళ్లీ పడింది. తెల్లారి కంట్రోల్ రూమ్ బల్ల మీద రికార్డు ప్రింటవుట్ పరిచి, ఒక కుర్ర ఇంజినీర్ పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ఫేజులో 2900 దాటింది, ఇంకో దానిలో 2480 దరిదాపు, న్యూట్రల్‌లో 1880. అతని లెక్కలో రెండూ 2717. మీరు అడిగిందే అడిగాడు: "సార్, సీటీ పోయిందా?" లోడ్ కరెంట్ వల్ల తేడా వచ్చిందని కూడా అనలేం, అవతలి చివర తెరిచే ఉంది కదా. సీటీ టెస్ట్‌కు మనుషుల్ని పిలిపించేలోపు లైన్ పెట్రోలింగ్ వాళ్లు ఫోన్ చేశారు. ఒక టవర్ మీద రెండు ఫేజుల ఇన్సులేటర్ డిస్కులు పగిలి, పెంకుల మీద నల్లటి కాలిన మచ్చలు ఉన్నాయని. పైన నేను తీసుకున్న అంకెలు ఆ లైన్‌కు దగ్గరగా ఎంచుకున్నవే.

అసలు సంగతి టవర్ కాళ్ల దగ్గర ఉంది. టవర్ నుంచి భూమికి ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. ఎర్త్ వైర్ ఉంటే పక్క టవర్లు కూడా కరెంట్ పంచుకుంటాయి కాబట్టి మొత్తం మీద తగ్గుతుంది, కానీ సున్నా కాదు. దాన్ని Zf అందాం. ఇప్పుడు Vb = Vc = Zf(Ib + Ic) = 3·Zf·I0. దీన్ని పై సమీకరణాల్లో పెడితే V1, V2 ఇంకా సమానంగానే ఉంటాయి, V0 మాత్రం వాటికంటే 3·Zf·I0 మేర తేడా పడుతుంది. కాబట్టి 3Zf జీరో సీక్వెన్స్ కొమ్మలో మాత్రమే సిరీస్‌గా చేరుతుంది. మూడింటిలోనూ వేయకూడదు, ముడి తర్వాత ఉమ్మడిగా వేయకూడదు, 3 తో గుణించకుండా ఒట్టి Zf వేయకూడదు. ఎందుకంటే భూమి దారిలో నడిచేది మూడు ఫేజుల జీరో సీక్వెన్స్ కరెంట్లు కలిసి, అంటే 3I0, కానీ నెట్‌వర్క్‌లో మనం గీసేది ఒక ఫేజు I0 నే.

Zf = 5 ఓమ్‌లు పెట్టి చూడండి. Z0 స్థానంలో 15 + j46 వస్తుంది.

```
I0   = -76210 / (30 + j118) = -154.2 + j606.6
3I0/2 = -231.3 + j909.9
Ib   = -2769.8 + j909.9  → 2915 A
Ic   = +2307.2 + j909.9  → 2480 A
3I0  → 1878 A
```

అయిదు ఓమ్‌లకే ఒక ఫేజు 2915, ఇంకోటి 2480. భూమి కరెంట్ పరిమాణం మాత్రం 1938 నుంచి 1878 కి, అంటే మూడు శాతమే తగ్గింది. అందుకే అది ఒక్కటే చూస్తే రెసిస్టెన్స్ ఉందని తెలియదు. మారింది దాని యాంగిల్. రెసిస్టెన్స్ లేనప్పుడు భూమి కరెంట్ లూప్ కరెంట్‌కు సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడి ఉండేది, కాబట్టి రెండు ఫేజులకూ సమానంగా చేరేది. ఇప్పుడు అది b వైపు వాలింది. b లో లూప్ కరెంట్‌కు కొంత కలిసొచ్చింది, c లో కొంత తగ్గింది. Zf ని 20 ఓమ్‌లు చేస్తే b లో 3060, c లో 2109 వస్తాయి. రాతి నేలల్లో ఫుటింగ్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉండే చోట ఇలాంటివి మామూలే.

చేతితో చేయడం విసుగు అనిపిస్తే ఇది చాలు, అంకెలు మార్చి చూసుకోండి:

```python
import cmath
V, Z1, Z2, Z0, Zf = 76210, 26j, 26j, 46j, 5
a = cmath.rect(1, 2*cmath.pi/3)
Zg = Z0 + 3*Zf
I1 = V / (Z1 + Z2*Zg/(Z2 + Zg))
I2 = -I1 * Zg/(Z2 + Zg)
I0 = -I1 * Z2/(Z2 + Zg)
Ib = I0 + a*a*I1 + a*I2
Ic = I0 + a*I1 + a*a*I2
print(abs(Ib), abs(Ic), abs(3*I0))
```

ఈ వాలు వల్ల ఒక అసలైన ఇబ్బంది ఉంది, అది డిస్టెన్స్ రిలే దగ్గర కనబడుతుంది. రిలే చూసే లూపుల్లో ఈ ఫాల్ట్‌కు సంబంధించినవి మూడు. b-గ్రౌండ్, c-గ్రౌండ్, b-c. గ్రౌండ్ లూపుల కొలతలో వాడే జీరో సీక్వెన్స్ కాంపెన్సేషన్ ఫ్యాక్టర్ మన లైన్‌కు k0 = (36−12)/(3×12) = 0.667. రిలే దగ్గర b వోల్టేజ్‌ను Ib + k0·3I0 తో భాగిస్తే లైన్ ఇంపెడెన్స్ j12 రావాలి. కానీ వోల్టేజ్‌లో టవర్ ఫుటింగ్ మీద పడిన డ్రాప్ కూడా కలిసి ఉంటుంది, ఆ డ్రాప్ యాంగిల్ కరెంట్ యాంగిల్‌తో కలవదు. లెక్క కట్టి చూస్తే b-గ్రౌండ్ లూప్‌కు 1.9 + j10.35, c-గ్రౌండ్ లూప్‌కు 1.7 + j14.7 కనబడతాయి. రియాక్టెన్స్‌ను కిలోమీటర్లలోకి మారిస్తే ఒకటి 25.9 అంటుంది, ఇంకోటి 36.8 అంటుంది. ఫాల్ట్ ఉన్నది 30 దగ్గర. ముందున్న ఫేజు, ఇక్కడ b, ఓవర్‌రీచ్ అవుతోంది. ఫాల్ట్ జోన్ 1 సరిహద్దుకు కాస్త అవతల ఉంటే ఆ ఎలిమెంట్ తప్పుగా తక్షణం ట్రిప్ ఇచ్చే ప్రమాదం ఉంది. అందుకే రెండు ఫేజుల గ్రౌండ్ ఫాల్ట్ అని గుర్తించగానే ముందున్న ఫేజు గ్రౌండ్ ఎలిమెంట్‌ను ఆపే ఏర్పాటు చాలా రిలేల్లో ఉంటుంది.

మరి b-c లూప్? ఫాల్ట్ దగ్గర Vb, Vc రెండూ ఒకటే, Zf ఎంతైనా సరే. తీసివేస్తే సున్నా. కాబట్టి రిలే దగ్గర (Vb − Vc)/(Ib − Ic) సరిగ్గా j12 ఇస్తుంది, 30 కిలోమీటర్లు. పెట్రోలింగ్ వాళ్లకు దూరం చెప్పాల్సి వస్తే ఈ లూప్ చెప్పిందే చెప్పండి. ఆ రాత్రి మా వాళ్లు మొదట గ్రౌండ్ లూప్ చూపిన దూరం నమ్మి, నాలుగు కిలోమీటర్లు ఇవతల టవర్ల కింద చాలాసేపు టార్చ్ లైట్లు వేసి వెతికారు. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్కంతటికీ ఊపిరి Z0, మన దగ్గర అన్నిటికంటే తక్కువ నమ్మకం ఉన్న డేటా కూడా అదే. Z1 ని కండక్టర్, వాటి మధ్య దూరాల నుంచి బాగానే రాబట్టవచ్చు. Z0 మాత్రం నేల రెసిస్టివిటీ మీద, ఎర్త్ వైర్ మీద, అదే టవర్ మీద రెండో సర్క్యూట్ ఉంటే దాని మ్యూచువల్ కప్లింగ్ మీద ఆధారపడుతుంది. వీలైతే లైన్ చార్జ్ చేసే ముందు కొలిచిన విలువ వాడండి. ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి కూడా చూసుకోండి. డెల్టా వైపు ఫాల్ట్ అయితే, ఆ వైపు ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది లేకుంటే, జీరో సీక్వెన్స్‌కు దారే లేదు. ఆ కొమ్మ తెగిపోతుంది, ప్యారలల్‌లో పాజిటివ్, నెగటివ్ రెండే మిగులుతాయి, అది ఒట్టి లైన్ టు లైన్ ఫాల్ట్ అవుతుంది. రెండు తీగలు భూమికి తగిలాయి కదా అని భూమి కరెంట్ ఆశిస్తే రాదు.

ఇదే లెక్కను బస్ దగ్గర చేసి చూడమని మిమ్మల్ని ప్రత్యేకంగా అడుగుతున్నాను. అక్కడ Z1 = 14, Z0 = 10. త్రీ ఫేజ్ ఫాల్ట్‌లో 5444 ఆంపియర్లు, సింగిల్ లైన్ ఫాల్ట్‌లో 3×76210/38 = 6017. డబుల్ లైన్ ఫాల్ట్‌లో భూమిలోకి పోయేది 3×76210/(14+20) = 6724. అన్నిటికంటే ఇదే ఎక్కువ. 30 కిలోమీటర్ల దూరంలోనేమో సింగిల్ లైన్ ఫాల్ట్‌లో భూమి కరెంట్ 2333 ఉంటే డబుల్ లైన్‌లో 1938 మాత్రమే వచ్చింది. Z0, Z1 కంటే తక్కువైతే డబుల్ లైన్ ఫాల్ట్ భూమి కరెంట్ పెద్దది, ఎక్కువైతే సింగిల్ లైన్‌ది పెద్దది. సబ్‌స్టేషన్ ఎర్త్ మ్యాట్ డిజైన్ చేసేటప్పుడు సింగిల్ లైన్ లెక్క ఒక్కటే చేసి ఊరుకునేవాళ్లున్నారు. సాలిడ్‌గా ఎర్త్ చేసిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు రెండు మూడు ప్యారలల్‌లో ఉన్న బస్ దగ్గర Z0 తక్కువగా ఉండటం మామూలే కాబట్టి రెండూ చేసి, పెద్దది తీసుకోవాలి. ఐఈఈఈ 80 కూడా రెండు ఫాల్ట్‌లనూ పరిశీలించమంటుంది.

ఇక మీ రికార్డు విషయానికి వస్తే, సీటీని అనుమానించే ముందు ఇలా చేయండి. రికార్డు నుంచి Ib, Ic లను యాంగిల్‌తో సహా తీసుకోండి. ఫాల్ట్ మొదలైన మొదటి సైకిల్ వదిలేసి, డీసీ ఆఫ్‌సెట్ తగ్గాక తీసుకుంటే మంచిది. వాటి మొత్తం, తేడా రెండూ కట్టండి. మొత్తం న్యూట్రల్ చానెల్‌లో విడిగా నమోదైన కరెంట్‌తో కలవాలి. ఆ న్యూట్రల్ విడి సీటీ నుంచి వచ్చి ఉంటేనే ఈ తనిఖీకి విలువ, రిలే తానే మూడు ఫేజులు కూడి చూపిస్తుంటే ఏం తేలదు. తర్వాత తేడాలో సగం లూప్ కరెంట్. √3×76210 ని దాని రెట్టింపుతో భాగిస్తే సోర్స్‌తో కలిపి ఫాల్ట్ దాకా Z1 రావాలి. మన ఉదాహరణలో 2538.5 నుంచి 26 ఓమ్‌లు వస్తుంది, సోర్స్, లైన్ డేటాల మొత్తంతో సరిపోతుంది. ఈ రెండూ కుదిరితే సీటీలు బాగున్నట్టే.

చివరిగా Ib − Ic కీ 3I0 కీ మధ్య యాంగిల్ చూడండి. రెసిస్టెన్స్ లేకపోతే 3I0 సరిగ్గా 90 డిగ్రీలు వెనక ఉండాలి. మన లెక్కలో 5 ఓమ్‌లకు అది 75.7 డిగ్రీలు వచ్చింది, అంటే 14.3 డిగ్రీలు తక్కువ. దాని టాంజెంట్‌ను X1 + 2·X0 తో గుణించి 6 తో భాగిస్తే:

```
Zf = (26 + 92) × tan(14.3°) / 6 = 5.0
```

అసలు లైన్‌లో Z0 కి సొంత రెసిస్టెన్స్ కూడా ఉంటుంది, దానివల్ల వచ్చే వాలును ముందు తీసేయాలి. మీ లైన్ Z1, Z0 విలువలు రెసిస్టెన్స్‌లతో సహా, రికార్డులోని Ib, Ic, న్యూట్రల్ కరెంట్లు యాంగిల్స్‌తో సహా కింద రాయండి, అవతలి చివర ఆ సమయంలో తెరిచి ఉందో లేదో కూడా చెప్పండి. రెండు వైపుల నుంచీ కరెంట్ వచ్చి ఉంటే మీ వైపు రిలే చూసింది ఫాల్ట్ కరెంట్‌లో ఒక భాగమే, అప్పుడు Zf లెక్క వేరేగా చేయాల్సి ఉంటుంది.